షుగర్ ఉన్న మామగారితో చుట్టాలింటికి వెళ్తున్నాం, ముందుగా మెసేజ్ ఎలా పెట్టాలి?

ప్రశ్న: వచ్చే నెల మామగారితో కలిసి మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళి నాలుగు రోజులు ఉండాలి. ఆయనకు 66 ఏళ్ళు, షుగర్ ఉంది. పొద్దున, రాత్రి తినడానికి అరగంట ముందు మిక్స్ ఇన్సులిన్ వేసుకుంటారు. మాంసం, గుడ్లు తినరు, కారం ఎక్కువైతే పడదు. పిన్నికి ముందే చెబుదామని మెసేజ్ రాస్తే తినకూడని వాటి లిస్టులా తయారైంది. చదివితే నాకే ఆర్డర్ వేసినట్టుంది. తన జబ్బు గురించి అందరికీ చెప్పడం మామగారికి ఇష్టం ఉండదు. మర్యాదగా, అవసరమైనంత వరకే ఎలా రాయాలి?

సమాధానం:

ఆ లిస్టు మొత్తం తీసేయండి. దాని స్థానంలో మూడు భోజన వేళలు రాయండి. నేను డైటీషియన్‌గా షుగర్ ఉన్నవాళ్ళతోనే పనిచేస్తాను. మీ మామగారిలా మిక్స్ ఇన్సులిన్ వేసుకునేవారు ఊరు వెళ్తున్నారంటే నాకు మొదట వచ్చే టెన్షన్ స్వీట్ల గురించి కాదు, ఆలస్యమయ్యే భోజనం గురించి. ఒక పూట స్వీటు తింటే షుగర్ పెరుగుతుంది. అది మంచిది కాదు కానీ, సాధారణంగా ఆ పూటకే ప్రమాదం తెచ్చిపెట్టదు. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి గంటన్నర ఆలస్యమైతే మాత్రం మనిషి అక్కడికక్కడే చెమటలు పట్టి సోలిపోవచ్చు. పిన్నికి తెలియాల్సిన ముఖ్యమైన సంగతి ఇదే, కానీ ఇలాంటి మెసేజ్‌లలో సాధారణంగా ఇదొక్కటే ఉండదు.

మిక్స్ ఇన్సులిన్ అంటే ఒకే సీసాలో రెండు రకాలు కలిసి ఉంటాయి. సీసా మీద 30/70 అని ఉంటే అందులో 30 శాతం త్వరగా పనిచేసేది, 70 శాతం నిదానంగా పనిచేసేది. త్వరగా పనిచేసే భాగం అరగంటలో మొదలవుతుంది, అందుకే అరగంట ముందు వేసుకోమంటారు. నిదానంగా పనిచేసే భాగం కొన్ని గంటల తర్వాత జోరందుకుంటుంది. అంటే పొద్దున వేసుకున్న దాంట్లో ఎక్కువ భాగం మధ్యాహ్నం వేళకు పనిచేస్తుంటుంది. మధ్యాహ్నం ఇంజెక్షన్ లేదు కదా, భోజనం ఎప్పుడైనా పరవాలేదు అనుకుంటారు చాలామంది. ఆ అనుకోవడంలోనే ప్రమాదం ఉంది. ఒంటిగంటకి తినాల్సిన మనిషి మూడింటిదాకా కబుర్లలో కూర్చుంటే, పొద్దున్నే వేసుకున్న ఇన్సులిన్ ఖాళీ కడుపు మీద పనిచేస్తూ పోతుంది. అలాగే రాత్రి వేసుకున్నది అర్ధరాత్రి దాటాక కూడా పనిచేస్తుంది, కాబట్టి రాత్రి భోజనం మరీ తక్కువైతే నిద్రలో షుగర్ పడిపోవచ్చు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. తినకూడని వాటి లిస్టు పంపితే, మీ పిన్ని ప్రేమకొద్దీ దాన్ని ఇంకాస్త కఠినంగా పాటిస్తారు. రెండో రోజు రాత్రి ఇలా జరిగిందనుకోండి. మామగారు ఏడున్నరకి రోజూ వేసుకునే డోసే వేసుకున్నారు. ఎనిమిదింటికి బల్ల దగ్గరికి వస్తే పిన్ని సంతోషంగా, "అన్నయ్యగారూ, షుగర్ కదా, మీకోసం అన్నం లేకుండా ఉత్త కూరగాయలే చేశాను" అంటారు. మామగారికి మొహమాటం. బాగుంది అని అదే తిని లేస్తారు. ఆ డోసు డాక్టరు రాసింది ఆయన రోజూ తినే అన్నాన్ని లెక్కలోకి తీసుకునే. అన్నం లేదు, డోసు మాత్రం మొత్తం ఉంది. పదకొండింటికో, తెల్లవారుజామునో వణుకు మొదలవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, "అన్నం తక్కువ" అని మెసేజ్‌లో ఉన్న మాట చేసిన పని ఇది. అందుకే మీరు "తక్కువ" అని కాక "రోజూ తినేంతే" అని రాయాలి.

రాసే ముందు మామగారితో పది నిమిషాలు కూర్చోండి. తన సంగతి తన వెనక చెప్పారని తెలిస్తే ఆయన నొచ్చుకుంటారు, అక్కడికి వెళ్ళాక ఇన్సులిన్ వేసుకోవడానికి కూడా దాక్కుంటారు. దాక్కుని వేసుకునేవాళ్ళు భోజనం ఎప్పుడని అడగలేరు, ఆలస్యమైనా నోరు విప్పరు. కాబట్టి ఆయన్నే అడగండి: ఏయే వేళలకు తింటారు, షుగర్ పడిపోతుంటే ఆయనకు మొదట ఏం తెలుస్తుంది, ఎవరికి చెప్పినా పరవాలేదు, ఎవరికి వద్దు. మెసేజ్ రాశాక చదివి వినిపించండి. ఏదైనా మాట తీసేయమంటే తీసేయండి, కానీ ఇన్సులిన్ సంగతి, వేళల సంగతి ఉండనివ్వమని నచ్చజెప్పండి. "జబ్బు గురించి కాదు మామయ్యగారూ, భోజనం ఎన్నింటికో చెబుతున్నాను అంతే" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

పంపేది వంట చూసుకునే మనిషికి ఒక్కరికే. ఫ్యామిలీ గ్రూపులో అస్సలు వద్దు. అక్కడ పెడితే సాయంత్రానికల్లా పది మంది పది చిట్కాలు పంపుతారు, మామగారి జబ్బు అందరి నోళ్ళలో నానుతుంది. వెళ్ళడానికి వారం ముందు పంపితే పిన్నికి ఆలోచించుకోవడానికి వీలుంటుంది. బయల్దేరే రోజు పంపితే అప్పటికే సరుకులు తెచ్చేసి ఉంటారు, కంగారు పడతారు. ఆమెకు ఫోనులో చదవడం అలవాటు లేకపోతే ఇవే మాటలు వాయిస్ మెసేజ్‌గా పంపండి.

నేనైతే ఇలా రాస్తాను. పిన్నితో మీరు మామూలుగా ఎలా మాట్లాడతారో అలాగే మార్చుకోండి.

"పిన్నీ, శుక్రవారం సాయంత్రం ఆరింటికల్లా మీ ఇంట్లో ఉంటాం. మిమ్మల్నందరినీ చూడాలని మామయ్యగారు కూడా సంబరపడుతున్నారు.

ఒక సంగతి ముందే చెబుతున్నాను, ఆయన్ని అడిగే రాస్తున్నాను. ఆయనకు షుగర్ ఉంది, ఇన్సులిన్ వేసుకుంటారు. అందుకని తినే వేళలు మాత్రం తప్పకూడదు. పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం ఒంటిగంట, రాత్రి ఎనిమిది ఆయనకు అలవాటైన వేళలు. మీ ఇంట్లో వేళలు వేరేగా ఉంటే చెప్పు, ఎలా సర్దుకోవాలో మేం చూసుకుంటాం. ఆయన కోసం మీరంతా ముందే తినక్కర్లేదు, ఆయన ఒక్కరూ ముందు తినేస్తారు. పొద్దున, రాత్రి వంట అయిపోవచ్చిందనగానే నాకో మాట చెప్పావంటే ఆయన అప్పుడు ఇంజెక్షన్ వేసుకుంటారు.

విడిగా ఏమీ వండొద్దు. మీరు తినేదే ఆయనా తింటారు. అన్నం మానరు, రోజూ తినేంతే తింటారు, గిన్నెలు బల్ల మీద పెడితే ఆయనే వడ్డించుకుంటారు. మాంసం, గుడ్లు మాత్రం ముట్టరు. కారం కాస్త తక్కువైతే ఇష్టంగా తింటారు, కుదరకపోయినా పరవాలేదు. స్వీట్లు మీరు మామూలుగానే చేసుకోండి. తినాలనిపిస్తే ఆయనే కొంచెం తీసుకుంటారు, వద్దంటే బలవంతం చేయొద్దని బాబాయ్‌కి కూడా చెప్పు.

ఫ్రిజ్‌లో ఒక చిన్న డబ్బా పట్టేంత చోటు కావాలి. మిగతావన్నీ మేమే తెచ్చుకుంటాం. ఇందులో ఏది ఇబ్బందైనా మొహమాటపడకుండా చెప్పు పిన్నీ."

ఈ మెసేజ్‌లో నేను ఎక్కువ జాగ్రత్త పడిన చోటు ఒకటుంది. తప్పనిసరివి, అలవాటుగా వస్తున్నవి, ఇష్టానికి సంబంధించినవి ఒకే గొంతుతో చెప్పలేదు. వేళల దగ్గర "తప్పకూడదు" అని ఉంది. మాంసం, గుడ్ల దగ్గర "ముట్టరు" అని ఉంది. కారం దగ్గర "కుదరకపోయినా పరవాలేదు" అని ఉంది. మూడింటినీ "వద్దు, వద్దు, వద్దు" అని రాస్తే పిన్నికి ఏది ప్రాణం మీదికి వచ్చేదో, ఏది నాలుకకు సంబంధించినదో తెలియదు. అప్పుడు ఆమె కారం తగ్గించడానికి తంటాలు పడి భోజనం తొమ్మిదిన్నరకి పెడతారు. ఒకదానికి గట్టిగా చెప్పాలంటే మిగతా వాటిని వదులుగా చెప్పాలి. మీరు రాసింది ఆర్డర్‌లా వినిపించడానికి కారణం కూడా అదే అయి ఉంటుంది, అన్నీ ఒకే బరువుతో ఉన్నాయి.

"వంట అయిపోవచ్చిందనగానే నాకో మాట చెప్పు" అన్న వాక్యాన్ని మాత్రం దయచేసి తీసేయకండి. సొంతింట్లో అయితే ఏడున్నరకి ఇంజెక్షన్, ఎనిమిదికి భోజనం గడియారం ప్రకారం నడిచిపోతాయి. వేరే ఇంట్లో గ్యాస్ అయిపోవచ్చు, ఎవరో వచ్చి కూర్చోవచ్చు. గడియారాన్ని చూసి వేసుకుంటే ఆ ఆలస్యమంతా మామగారి మీద పడుతుంది. వంటను చూసి వేసుకుంటే పడదు. పావుగంట, అరగంట అటూ ఇటూ అయినా తిండి ఖాయమని తెలిశాకే సూది తీయడం మేలు. వెళ్ళే ముందు డాక్టరుని ఈ రెండు ప్రశ్నలు అడిగి ఉంచుకోండి: భోజనం గంట ఆలస్యమైతే ఇంజెక్షన్ ఎప్పుడు వేసుకోవాలి, ఒక పూట సరిగా తినలేకపోతే డోసు సంగతేంటి. డోసు మార్పు మాత్రం మీరుగా చేయకండి. ఇంజెక్షన్ వేసుకున్నాక ఆలస్యమైందంటే వెంటనే ఒక గ్లాసు పాలో, రెండు మూడు బిస్కెట్లో, ఒక పండో తినిపించండి. అది భోజనానికి బదులు కాదు, భోజనం వచ్చేదాకా ఆపడానికే.

మెసేజ్‌లో నేను కావాలనే రాయనివి కూడా ఉన్నాయి. ఎన్ని యూనిట్లు వేసుకుంటారు, షుగర్ రీడింగులు ఎంత, ఎన్నేళ్ళుగా ఉంది, ఇవేవీ పిన్నికి అక్కర్లేదు. చెబితే ఆమెకు ఉపయోగం లేదు, మామగారికి మాత్రం నలుగురిలో పేషెంటులా నిలబడ్డట్టు ఉంటుంది. షుగర్ పడిపోతే ఏం చేయాలన్నది కూడా మొదటి మెసేజ్‌లో పెట్టలేదు. వారం ముందే "స్పృహ తప్పితే" అన్న మాట చదివితే ఏ పిన్నికైనా గుండె దడ పుడుతుంది. అది వెళ్ళిన రోజు సాయంత్రం, తాపీగా, ఎదురుగా కూర్చుని చెప్పండి. చెప్పడం మాత్రం మానకండి, ఎందుకంటే మీరు బయటికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఆయన పక్కన ఉండేది ఆమే.

ఆమెకు చెప్పాల్సింది ఇంతే. ఉన్నట్టుండి చెమటలు పట్టినా, చేతులు వణికినా, మాట తడబడినా, మామూలుగా శాంతంగా ఉండే మనిషి చిరాకు పడినా షుగర్ పడిపోతోందేమోనని అనుమానించాలి. చిరాకు సంగతి ప్రత్యేకంగా చెప్పండి. చుట్టాలింట్లో దాన్ని "ఏదో మాటకు అలిగారు" అనుకుని వదిలేస్తారు, ఎవరూ పలకరించరు, ఈలోగా షుగర్ ఇంకా పడుతుంది. మీటరు దగ్గరుంటే చూడండి. 70 కంటే తక్కువ వస్తే షుగర్ పడినట్టే. మీటరు అందుబాటులో లేకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోవద్దు, పడిందనే అనుకుని మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి, లేదా అర గ్లాసు పళ్ళరసం ఇవ్వాలి. చెంచా అంటే టీలో వేసుకునే చిన్న చెంచా. 15 నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక, భోజనానికి ఇంకా గంటకు మించి టైముంటే ఏదైనా చిన్న తిండి పెట్టాలి. చాక్లెట్ పనికిరాదు, అందులో కొవ్వు వల్ల తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. షుగర్ ఫ్రీ కూల్‌డ్రింక్ అసలే పనికిరాదు, అందులో చక్కెరే లేదు. కంగారులో చాలామంది అదే తెచ్చి ఇస్తారు, షుగర్ పేషెంటు కదా అని. మనిషి స్పృహలో లేకపోతే, మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సుకి ఫోన్ చేయాలి.

ఇంకొక్క మాట మామగారిని అడిగి తెలుసుకోండి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళలో కొందరికి ఈ వణుకు, చెమట తెలియడం తగ్గిపోతుంది. బీపీకి, గుండెకు వాడే కొన్ని మందులు కూడా వణుకును, గుండె దడను కప్పేస్తాయి. ఆయన "నాకేమీ తెలియదు, నేరుగా మగతగా అయిపోతుంది" అంటే డాక్టరుకి చెప్పండి. అక్కడున్న నాలుగు రోజులూ మీటరుతో కాస్త ఎక్కువసార్లు చూసుకోవాల్సి రావచ్చు.

ఇక పిన్ని నుంచి వచ్చే జవాబు. నూటికి తొంభై పాళ్ళు ఇలా ఉంటుంది: "అయ్యో, ముందే చెప్పావు మంచిదైంది, అయితే స్వీటు తేనెతో చేస్తాలే, షుగర్ ఫ్రీ బిస్కెట్లు కూడా తెప్పిస్తాను." ఆమె మనసు మంచిది, ఆ సాయం మాత్రం పనికొచ్చేది కాదు. తేనె కూడా చక్కెరే, రక్తంలో షుగర్‌ని పెంచుతుంది. షుగర్ ఫ్రీ బిస్కెట్లలో చక్కెర లేకపోయినా పిండి ఉంటుంది, అదీ షుగర్ అవుతుంది. కొన్నింట్లో తీపి కోసం వేసే సార్బిటాల్, మాల్టిటాల్ లాంటివి ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది. ఇవన్నీ ఆమెకు పాఠంలా చెప్పక్కర్లేదు. "వద్దు" అని మాత్రం రాస్తే చిన్నబుచ్చుకుంటారు, అందుకని ఆమె చేయగలిగిన పని ఒకటి చూపించండి: "పిన్నీ, దానికోసం శ్రమ పడకు. నీకు చేయాలనుంటే ప్రతి పూటా ఒక కూరగాయ కూర కాస్త ఎక్కువ చెయ్యి, ఆయనకు అదే చాలా ఇష్టం." ఇది ఉత్తి మర్యాద మాట కాదు. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు అన్నం లాంటివి, పావు వంతు పప్పులు లాంటివి ఉండాలని మేం చెబుతుంటాం. చాలా ఇళ్ళలో చుట్టాలు వచ్చినప్పుడు బల్ల మీద అన్నీ ఉంటాయి, కూరగాయలే తక్కువ పడతాయి. ఎవరికీ ప్రత్యేకంగా కనిపించకుండా ఆయనకు దొరికే సాయం ఇదే. అయితే కూర ఎక్కువైందని అన్నం రోజూ తినే దానికంటే తగ్గించేయొద్దని ఆయనకు గుర్తుచేయండి.

ఫ్రిజ్ గురించి: కొత్త సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్‌లో కానీ, దాన్ని ఆనుకుని కానీ పెట్టకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. పిన్ని ఇంట్లో ఎవరో జాగ్రత్త కోసమని డబ్బాని ఫ్రీజర్‌లోకి మార్చేస్తే కష్టం, అందుకే డబ్బా మీద "మందు, కదపొద్దు" అని రాసి తలుపు అరలో మీరే పెట్టండి. వాడుతున్న సీసా ఎండ తగలని చోట ఫ్రిజ్ బయటే ఉంచుకోవచ్చు, ఎన్నాళ్ళు, ఎంత వేడి దాకా అన్నది దాని కాగితంలో ఉంటుంది. వాడిన సూదులకు గట్టి మూతున్న డబ్బా మీరే తీసుకెళ్ళి మీతోనే తెచ్చేయండి. వాళ్ళ చెత్తబుట్టలో వేస్తే ఊడ్చేవాళ్ళకు గుచ్చుకుంటాయి.

బయటికి తిరగడానికి వెళ్ళే రోజు విషయంలో పిన్నిని ముందు రోజు రాత్రే అడగండి, "రేపు మధ్యాహ్నం ఎక్కడ తింటాం, ఎన్నింటికి?" అని. బాగా నడిచిన రోజు షుగర్ మామూలుకంటే ఎక్కువ పడుతుంది. పైగా భోజనం దొరకడం ఆలస్యమవుతుంది. మీ సంచిలో పంచదార పొట్లమో, పళ్ళరసం డబ్బానో, బిస్కెట్లో ఎప్పుడూ ఉండాలి.

ఇదే ప్రశ్నతో ఇక్కడికి వచ్చే మిగతావాళ్ళకు ఒక మాట. మీ ఇంటి పెద్దవాళ్ళు ఇన్సులిన్ కాక మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడుతుంటే ఇంత పెద్ద మెసేజ్ అవసరం లేదు. దానివల్ల షుగర్ మరీ పడిపోవడం అరుదు, కాబట్టి వేళల గురించి అంత గట్టిగా చెప్పక్కర్లేదు. "విడిగా వండొద్దు, ఆయనే వడ్డించుకుంటారు, స్వీటుకి బలవంతం చేయొద్దు" అని మూడు ముక్కలు రాస్తే సరిపోతుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి బిళ్ళలు వాడుతుంటే మాత్రం వాటితోనూ షుగర్ పడిపోతుంది, భోజనం వేళల వాక్యం ఉంచాల్సిందే. మందుల చీటీ తీసి ఏది వాడుతున్నారో చూసుకున్నాకే రాయడం మొదలుపెట్టండి.